సిలికోన్ ప్రైమరా, వాటర్ ప్రైమరా? ముందు మీ ముఖానికి అది కావాలో లేదో తేల్చుకోండి

"అక్కా, ఏ ప్రైమర్ కొనమంటారు?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. సిలికోన్‌ది మంచిదా, వాటర్ బేస్‌ది మంచిదా, సిలికోన్ వేస్తే మొటిమలొస్తాయట కదా, సన్‌స్క్రీన్‌కి పైన వేయాలా కింద వేయాలా, వేశాక ముఖం మీద పొట్టు పొట్టుగా ఎందుకు లేస్తోంది... ఒక్కొక్కరికి విడివిడిగా జవాబిచ్చే బదులు, చేయాల్సిన వరసలోనే అన్నీ ఒకచోట రాస్తున్నాను. పెళ్లి మేకప్‌లు చేస్తాను కాబట్టి నా పెట్టెలో రెండు రకాలూ ఎప్పుడూ ఉంటాయి. కానీ మామూలు రోజుల్లో నేను ప్రైమర్ వేసుకోను. చాలామందికి అవసరం కూడా లేదు.

## 1. ప్రైమర్ పని ఎంతవరకు

ప్రైమర్ చేసే పని చర్మం కోసం కాదు, దాని మీద వేసే ఫౌండేషన్ కోసం. చర్మం మీదున్న చిన్న చిన్న గుంటల్ని నింపి నున్నగా కనిపించేలా చేస్తుంది, ఫౌండేషన్ కొన్ని గంటలపాటు కదలకుండా పట్టి ఉంచుతుంది. అంతే.

పోర్స్ మూసుకుపోతాయని అనుకోకండి. అవి తెరుచుకునేవీ మూసుకునేవీ కావు. ఆ గుంటలో పడే నీడ వల్లే పోర్ పెద్దగా కనిపిస్తుంది. ప్రైమర్ ఆ గుంటని నింపితే నీడ తగ్గి చిన్నదైనట్టు అనిపిస్తుంది, రాత్రి కడిగేస్తే మళ్లీ మామూలే.

"మేకప్ చర్మంలోకి దిగకుండా అడ్డుగా ఉంటుంది, అందుకే రోజూ వేయాలి" అని షాపుల్లో చెప్తుంటారు. ఆ మాట విని కొనకండి. పొడిబారకుండా మాయిశ్చరైజర్, ఎండకి సన్‌స్క్రీన్ వేసుకుంటే పగటిపూట చర్మానికి కావలసినవి అందినట్టే. ప్రైమర్ మానేసినంత మాత్రాన చర్మానికి జరిగే నష్టం ఏమీ లేదు.

కింద ఉన్నవాటిలో ఒక్కటైనా మీకు వర్తిస్తే మూడో మెట్టు నుంచి చదివినా చాలు, ఇంకా ప్రైమర్ కొనకండి:

- సన్‌స్క్రీన్ మీద కాంపాక్ట్ అద్దుకుని వెళ్లిపోతారు, ఫౌండేషన్ వాడరు.
- ఫౌండేషన్ వేసినా రెండు మూడు గంటల్లో ఇంటికొచ్చి కడిగేస్తారు.
- ఇబ్బంది ముఖమంతా పొలుసులు లేవడమే. దానికి కావలసింది మాయిశ్చరైజర్. పొలుసుల మీద ప్రైమర్ వేస్తే అవి ఇంకా ఎత్తిచూపినట్టు కనిపిస్తాయి.
- మొటిమలు పచ్చిగా ఉన్నాయి, లేదా చర్మం మండుతోంది. ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

ఆరేడు గంటలు ఫౌండేషన్ నిలవాలి, అయినా ఏదో ఒకచోట, సాధారణంగా ముక్కు పక్కల్లోనో నుదుటి మీదో విడిపోతోంది అంటే మాత్రం ప్రైమర్ పనికి రావచ్చు. అది కూడా పరీక్షించి చూశాకే.

## 2. సగం ముఖం పరీక్ష

అద్దంలో చూసుకుని "బాగానే ఉన్నట్టుంది" అనుకుంటే లాభం లేదు. కొత్త వస్తువు వేసుకున్న రోజు ముఖం ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది. పక్కపక్కనే పోల్చి చూస్తేనే తేడా ఉందో లేదో తెలుస్తుంది.

1. ఎవరి దగ్గరైనా ఉన్న ప్రైమర్ కొద్దిగా అడిగి తీసుకోండి, లేకపోతే చిన్న ట్యూబ్ కొనండి. శుభ్రమైన పుల్లతో చిన్న డబ్బాలోకి తీసుకోండి, వేళ్లు ముంచొద్దు.
2. ముందు రెండు మూడు రోజులు దవడ కింద ఒకేచోట రాసి చూడండి. దురద, ఎరుపు, కొత్త గుల్లలు రాకపోతేనే ముందుకెళ్లండి.
3. ఆఫీసు ఉన్న రోజే చేయండి. ఆదివారం ఫ్యాన్ కింద కూర్చుని చేసిన పరీక్ష లెక్కలోకి రాదు.
4. రెండు వైపులా అన్నీ ఒకేలా వేసి, ప్రైమర్ మాత్రం ఎడమవైపే వేయండి.
5. ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరం నుంచి, ఫిల్టర్ లేకుండా, వేసిన వెంటనే ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి ఫోటో తీయండి.
6. మర్నాడు వైపు మార్చండి. బస్సులోనో ఆటోలోనో ఒకవైపే ఎండ పడుతుంది, పడుకునే వైపు కూడా చర్మం కొంచెం వేరుగా ఉంటుంది, అందుకే ఈ మార్పు.

ఫోటోలు చూసేటప్పుడు ముఖమంతా ఒకేసారి చూడకండి. ముక్కు పక్కలు, నుదురు, బుగ్గలు, గడ్డం... ఒక్కొక్కటి విడిగా పోల్చండి. తేడా ఉంటే సాధారణంగా ఒకటి రెండు చోట్లే ఉంటుంది, ప్రైమర్ కూడా ఆ చోట్లకే కావాలి. మిగతా ముఖానికి వేసేది వృథా.

## 3. గిన్నె పరీక్ష: లేబుల్‌ని నమ్మి మోసపోకండి

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సిలికోన్ మీద సిలికోన్, నీళ్ల మీద నీళ్లు అని ఒక సూత్రం అందరి నోటా వినిపిస్తుంది. సూత్రం చాలావరకు సరైనదే, కానీ మీ సీసాలో ఉన్నది ఏ రకమో కనుక్కోవడంలోనే చాలామంది పప్పులో కాలేస్తారు.

లేబుల్ మీద పదార్థాలు ఎక్కువ ఉన్నదాన్నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాసి ఉంటాయి. పేరు చివర 'కోన్', 'కోనాల్', 'సిలోక్సేన్' వస్తే అది సిలికోన్. డైమెథికోన్, సైక్లోపెంటాసిలోక్సేన్ తరచుగా కనిపిస్తాయి. సిలికా అనేది వేరు, అది జిడ్డు పీల్చే పొడి, దాన్ని సిలికోన్ అనుకోకండి. ఇంకొక మాట, 'ఆయిల్ ఫ్రీ' అంటే సిలికోన్ లేదని కాదు. సిలికోన్ నూనె లెక్కలోకి రాదు కాబట్టి మొత్తం సిలికోన్‌తో చేసిన ప్రైమర్ మీద కూడా ఆ మాట ఉంటుంది.

ప్రైమర్ అయితే లేబుల్ చూసి పోల్చుకోవడం తేలికే. మొదటి మూడు పేర్లూ సిలికోన్లే అయితే అది సిలికోన్ ప్రైమర్. నీరు, గ్లిజరిన్, బ్యూటిలీన్ గ్లైకాల్ అని మొదలై ఎక్కడా సిలికోన్ కనబడకపోతే అది వాటర్ ప్రైమర్.

తికమక పెట్టేది ఫౌండేషన్. చాలా ఫౌండేషన్ల మీద మొదటి పేరు నీరే ఉంటుంది, రెండోదో మూడోదో సిలికోన్ ఉంటుంది. నీరు ముందుంది కదా వాటర్ బేస్ అనేసుకుంటాం. కానీ లోపల నీటి బొట్లు చిన్న చిన్నగా సిలికోన్‌లో తేలుతుంటాయి, బయట చుట్టూ ఉండేది సిలికోనే. చర్మాన్ని, ప్రైమర్‌ని తాకేది ఆ బయటి భాగం కాబట్టి అది సిలికోన్ ఫౌండేషన్‌లాగే ప్రవర్తిస్తుంది. ఇది లేబుల్ చూస్తే తేలదు. నీళ్లలో వేస్తే తేలుతుంది.

ఇలా చేయండి. చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచాల మామూలు నీళ్లు పోసి, అందులో శనగగింజంత ఫౌండేషన్ వేసి, చెంచా వెనక భాగంతో అర నిమిషం కలపండి.

- నీళ్లు పల్చటి మజ్జిగలా, చర్మం రంగులో కలిసిపోతే: వాటర్ బేస్.
- ఎంత కలిపినా చిన్న ఉండలుగా విడిపోయి, నీళ్లు దాదాపు తేటగా మిగిలి, గిన్నె అంచుకీ చెంచాకీ జిడ్డుగా అంటుకుంటే: సిలికోన్ లేదా నూనె బేస్.

గిన్నె కడిగేటప్పుడు కూడా తెలిసిపోతుంది. మొదటిది ఉత్త నీళ్లతో పోతుంది, రెండోదానికి సబ్బు పెట్టి రుద్దాలి. గట్టిగా నిలిచే కొన్ని వాటర్ బేస్ ఫౌండేషన్లు నెమ్మదిగా కరుగుతాయి, కాబట్టి తొందరపడి తేల్చేయకుండా అర నిమిషం పూర్తిగా కలపండి.

ఇదే పరీక్ష మీ సన్‌స్క్రీన్‌కి కూడా చేయండి, దయచేసి ఇది వదిలేయకండి. రాయగానే వెల్వెట్‌లా అనిపించే జెల్ సన్‌స్క్రీన్లలో చాలావాటికి ఆ నునుపు సిలికోన్ వల్లే వస్తుంది. మీది అలాంటిదైతే మీరు ఇప్పటికే రోజూ సిలికోన్ ప్రైమర్ వేసుకుంటున్నట్టు లెక్క, మళ్లీ ఇంకొకటి దాని మీద వేస్తే ఎక్కువైపోతుంది.

## 4. ఏది ఎక్కడ పనిచేస్తుంది

సిలికోన్ ప్రైమర్ రాయగానే అందులో ఆవిరయ్యే సిలికోన్ ఎగిరిపోయి, మెత్తటి జెల్ పొర మిగులుతుంది. గుంటలు నింపేది ఆ పొరే. ముక్కు పక్కన పెద్ద పోర్స్, పాత మొటిమల లోతైన మచ్చలు, చెమట పట్టే నుదురు, వీటికి ఇదే నయం. బెజవాడ, వైజాగ్ లాంటిచోట మే నెలలో పగటిపూట ముహూర్తమైతే నేను పెళ్లికూతురి ముక్కు, నుదురు దగ్గర ఇదే వాడతాను.

వాటర్ ప్రైమర్ గుంటలు నింపదు. కొంచెం తేమ ఇస్తుంది, ఆరాక కాస్త జిగురుగా ఉండి ఫౌండేషన్‌ని పట్టుకుంటుంది. పొడి చర్మానికి, హైదరాబాద్ చలికాలానికి, వాటర్ బేస్ ఫౌండేషన్ వాడేవాళ్లకి ఇది బాగుంటుంది. అయితే మంచి మాయిశ్చరైజర్ పల్చగా రాసి ఐదు నిమిషాలు ఆగినా పొడి చర్మం మీద దాదాపు ఇదే పని జరుగుతుంది. అందుకే వాటర్ ప్రైమర్ కొనేముందు ఒకసారి సగం ముఖానికి మాయిశ్చరైజర్, సగానికి ప్రైమర్ వేసి చూడమంటాను.

మొటిమల భయం గురించి రెండు మాటలు. సిలికోన్ చర్మానికి 'ఊపిరాడకుండా' చేయదు, చర్మం పైనుంచి ఊపిరి పీల్చుకోదు కూడా. డైమెథికోన్‌ని చర్మాన్ని కాపాడే మందు లేపనాల్లో కూడా వాడతారు. మొటిమలు వస్తున్నాయంటే రాత్రి సరిగా తీయకపోవడమో, అదే ట్యూబ్‌లోని సువాసన లాంటి ఇంకో పదార్థం పడకపోవడమో ముందు అనుమానించండి. అయినా మీ చర్మానికి పడలేదంటే పడలేదంతే, వాదించకుండా మానేయండి.

## 5. వేసే వరస, కొలతలు

వేసే ముందు దగ్గర పెట్టుకోవలసినవి: కడిగి తుడిచిన చేతులు, ఒక టిష్యూ, ఫోన్‌లో టైమర్. టైమర్ ఎందుకంటారా, పొట్టు లేవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఆగకపోవడమే.

1. ముఖం కడిగి అద్ది తుడవండి. పసుపో శనగపిండో రాసే అలవాటుంటే ముక్కు పక్కల్లో, కనుబొమల్లో మిగలకుండా చూసుకోండి, అక్కడే ప్రైమర్ ఉండ కడుతుంది.
2. మాయిశ్చరైజర్ పల్చగా. జిడ్డు చర్మమైతే వేసవిలో ముక్కు, నుదురు వదిలేసి బుగ్గలకే రాయండి. ఐదు నిమిషాలు ఆగండి.
3. సన్‌స్క్రీన్ ముఖానికీ మెడకీ కలిపి రెండు వేళ్ల పొడవున. తగ్గించొద్దు. పదిహేను నిమిషాలు ఆగండి. ఈలోపు చీర కుచ్చిళ్లు పెట్టుకోవచ్చు, టిఫిన్ తినొచ్చు.
4. టిష్యూని నుదుటి మీద మెల్లగా అద్ది చూడండి. అంటుకుపోతే ఇంకా ఆరలేదు, మరో ఐదు నిమిషాలు.
5. ప్రైమర్ ఎప్పుడూ సన్‌స్క్రీన్ పైనే. ముక్కు, నుదురు మాత్రమే అయితే పెసరగింజంత, ముఖమంతా అయితే శనగగింజంత, అంతకు మించి వద్దు. ఉంగరపు వేలితో కొద్దికొద్దిగా పెట్టి అద్దండి. రుద్దితే కింద సన్‌స్క్రీన్ పొర చెదిరిపోతుంది. పోర్స్ ఉన్నచోట వేలు కిందనుంచి పైకి, పైనుంచి కిందకి మెల్లగా తడితే గుంటల్లోకి బాగా కూర్చుంటుంది.
6. సిలికోన్ ప్రైమర్ అయితే రెండు నిమిషాలు, వాటర్ ప్రైమర్ అయితే ఐదు నిమిషాలు ఆగండి.
7. ఫౌండేషన్ తడిపి పిండిన స్పాంజితో అద్దండి. బ్రష్‌తో లాగకండి.

ప్రైమర్ మీద ఎస్‌పీఎఫ్ 30 అని ఉంటే సన్‌స్క్రీన్ మానేయొచ్చా అని చాలామంది అడుగుతారు. మానొద్దు. ఆ అంకె చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా రాసి కొలిచినది, మనం శనగగింజంత రాసేదానికి ఆ రక్షణ రాదు. ప్రైమర్‌ని సన్‌స్క్రీన్‌లో కలిపి ఒకేసారి రాసేయడం కూడా తప్పే, ఎండనుంచి కాపాడే పొర సమంగా పరుచుకోదు.

## 6. మా వదిన కథ: ఎక్కడ తప్పు జరిగింది

మా వదిన బెజవాడలో బ్యాంకులో పనిచేస్తుంది. తొమ్మిదికి స్కూటీ మీద బయల్దేరి ఐదున్నరకి వస్తుంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ముక్కు పక్కన ఫౌండేషన్ చుక్కలు చుక్కలుగా విడిపోతోందని ఒక సిలికోన్ ప్రైమర్ కొని ముఖమంతా రాసుకుంది. ఇంకా ఘోరమైంది. గడ్డం మీద స్పాంజి పెట్టగానే, పెన్సిల్ గీత రబ్బరుతో తుడిచినప్పుడు లేచే పొట్టులాగా తెల్లగా ఉండలు లేచాయి.

నేను వెళ్లి ముందు గిన్నె పరీక్ష చేశాను. ఫౌండేషన్ నీళ్లలో మజ్జిగలా కలిసిపోయింది, అంటే వాటర్ బేస్. సన్‌స్క్రీన్ మాత్రం తెల్లటి ముక్కలుగా గిన్నె అంచుకి అంటుకుంది, సిలికోన్. అంటే వదిన ముఖం మీద జెల్ మాయిశ్చరైజర్, దాని మీద సిలికోన్ సన్‌స్క్రీన్, దాని మీద ఇంకో సిలికోన్, దాని మీద నీళ్ల ఫౌండేషన్. పైగా ఇవన్నీ పది నిమిషాల్లో.

మొదటి రోజు ఎడమవైపే ప్రైమర్, మిగతాదంతా ఎప్పటిలాగే. ఒంటిగంట ఫోటోలో ఎడమ ముక్కు పక్క కొంచెం నయం, బుగ్గల్లో ఏ తేడా లేదు, గడ్డం ఎడమవైపు పొట్టు. ఇక్కడితో ఆపేస్తే "ముక్కుకి ప్రైమర్ కావాలి" అని తేలేది.

రెండో రోజు వైపు మార్చడంతోపాటు ఒక మార్పు చేశాం. కుడివైపు పాత పద్ధతిలోనే ప్రైమర్‌తో సహా అన్నీ వెంటవెంటనే. ఎడమవైపు ప్రైమర్ లేదు, ముక్కు దగ్గర మాయిశ్చరైజర్ లేదు, సన్‌స్క్రీన్ వేశాక పదిహేను నిమిషాలు ఆగి టిష్యూ అద్దాం. సాయంత్రం వరకూ రెండు ముక్కు పక్కలూ ఒకేలా ఉన్నాయి, గడ్డం మీద పొట్టు ఎడమవైపు అసలు లేదు.

మూడో రోజు కూడా ఇలాగే వచ్చాక ఆఫీసు రోజుల్లో ప్రైమర్ మాన్పించేశాను. ఫంక్షన్లకి మాత్రం ముక్కు పక్కల్లో పెసరగింజలో సగం అద్దుకుంటుంది. ఫౌండేషన్ వాటర్ బేస్ అయినా అంత చిన్నచోట, ఆగి, స్పాంజితో అద్దితే ఇబ్బంది రాలేదు. ముఖమంతా వేసినప్పుడే ఆ రెంటికీ పడలేదు.

## 7. తేడా చేస్తే ఎక్కడ చూడాలి

పొట్టు లేస్తోంది. ఎప్పుడు లేస్తోందో గమనించండి. ప్రైమర్ రాసేటప్పుడే లేస్తే కింద మాయిశ్చరైజర్‌దో సన్‌స్క్రీన్‌దో తప్పు, అవి ఆరలేదు లేదా ఎక్కువయ్యాయి. ఫౌండేషన్ పెట్టాక లేస్తే ప్రైమర్ ఎక్కువైంది లేదా బేస్‌లు కలవలేదు. లేచిన చోట ఇంకా రుద్దకండి, తడి స్పాంజితో ఎత్తేసి అక్కడ పల్చగా మళ్లీ అద్దండి.

ఏది కారణమో తెలియకపోతే మోచేతి లోపలివైపు రెండేసి చొప్పున రాసి చూడండి: సన్‌స్క్రీన్ మీద ప్రైమర్ ఒకచోట, సన్‌స్క్రీన్ మీద ఫౌండేషన్ ఇంకోచోట, ప్రైమర్ మీద ఫౌండేషన్ మరోచోట. ఆరాక వేలితో తోస్తే గొడవపడే జంట దొరికిపోతుంది.

ఫౌండేషన్ జారుతోంది, నూనె నీళ్లలా విడిపోతోంది. బేస్‌లు కలవలేదు. ఇంకో ప్రైమర్ కొనేముందు ప్రైమర్ లేకుండా ఒకరోజు వేసి చూడండి.

మధ్యాహ్నానికి ముఖం బూడిదరంగులోకి తిరుగుతోంది. దీనికి ప్రైమర్ మార్చినా ఫలితం ఉండదు. జిడ్డు కలిసి ఫౌండేషన్ రంగు ముదురుతుండవచ్చు, లేదా షేడే తప్పు. టిష్యూతో జిడ్డు అద్ది తీసి చూడండి, రంగు తిరిగి వస్తే జిడ్డు, రాకపోతే షేడ్.

ఫోటోల్లో ముఖం తెల్లగా పాలిపోయినట్టు వస్తోంది. సిలికా పొడి ఎక్కువున్న ప్రైమరో పౌడరో ఫ్లాష్‌కి అలా మెరుస్తుంది. ఫంక్షన్‌కి ముందురోజే ఇంట్లో ఫ్లాష్‌తో ఒక ఫోటో తీసుకోండి.

## 8. రాత్రి తీసేయడం

వాటర్ ప్రైమర్ మామూలు ఫేస్‌వాష్‌తో పోతుంది. సిలికోన్‌ది నీళ్లకి కరగదు, ఒక్కసారి ఫేస్‌వాష్‌తో రుద్దేసి పడుకుంటే ముక్కు పక్కల్లో, వెంట్రుకల మొదళ్ల దగ్గర పొర మిగులుతుంది.

- పొడి ముఖం మీద, పొడి చేతులతో క్లెన్సింగ్ ఆయిల్ లేదా బామ్ ఒక నిమిషం మసాజ్ చేయండి. తర్వాత చేతులు తడిపి మళ్లీ రుద్దితే పాలలా తెల్లబడుతుంది, అప్పుడు కడగండి.
- అది లేకపోతే మైసెల్లార్ వాటర్ ముంచిన దూది పది సెకన్లు ఆనించి తర్వాత తుడవండి.
- ఆ తర్వాత ఫేస్‌వాష్.
- మొటిమలు వచ్చే చర్మమైతే వంటింటి కొబ్బరినూనె వాడకండి, అది రంధ్రాలు పూడుస్తుంది, నీళ్లకి పోదు.

పోయిందో లేదో చూడాలంటే ముఖం తుడుచుకుని ముక్కు పక్కన తడి వేలు ఆనించండి. నీళ్లు చుక్కలుగా నిలబడి జారిపోతే ఇంకా పొర ఉంది, చర్మం మీద పల్చగా పరుచుకుంటే పోయినట్టే.